పసిపిల్లల ఫొటోలో చొంగ, చీమిడి, ఎర్రదద్దును ముఖం చెడకుండా తీయడం ఎలా?

పిల్లలకు దాదాపు మూడో నెల దాటాక చొంగ కారడం ఎక్కువవుతుంది, ఆరో నెల వచ్చేసరికి చాలామందికి పళ్లు మొలిచే సూచనలు కనిపిస్తాయి. మన ఇళ్లలో అన్నప్రాశన సరిగ్గా ఆ రోజుల్లోనే జరుగుతుంది కాబట్టి, ఆ ఫొటోలలో గడ్డం తడిగా మెరవడం, నోటి చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉండడం, కాస్త జలుబు చేస్తే పై పెదవి మీదికి చీమిడి జారడం మామూలే. వీటిని తీయడానికి చాలామంది ముఖమంతా ఒకేసారి నునుపు చేసే ఫిల్టర్ వాడతారు. అప్పుడు చొంగతో పాటు బుగ్గల మీది నూగు, పై పెదవి మధ్యనున్న గాడి, గడ్డం మీది సొట్ట కూడా చెరిగిపోయి, పిల్లవాడు మైనపు బొమ్మలా కనిపిస్తాడు. చొంగ, చీమిడి, దద్దు అనేవి ఫొటోలో మూడు వేర్వేరు రకాల లోపాలు కాబట్టి మూడింటికీ మూడు వేర్వేరు పద్ధతులు కావాలి.

ఇక్కడ చెప్పే పద్ధతిని ఉచితంగా దొరికే GIMP అనే సాఫ్ట్‌వేర్‌లో, 2.10 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో, కంప్యూటర్ మీద చేయవచ్చు. ఉదాహరణగా మా చెల్లెలి కొడుకు అన్నప్రాశన ఫొటోనే తీసుకుంటాను. అది ఫోన్‌తో తీసినది; 4000 × 3000 పిక్సెళ్ల ఫొటోలో పిల్లవాడి ముఖం సుమారు 1000 పిక్సెళ్ల వెడల్పు ఉంది. వెలుతురు మనకు ఎడమ వైపున్న కిటికీలోంచి పడుతోంది. కుడి వైపు ముక్కు రంధ్రం నుంచి పై పెదవి దాకా చీమిడి చార ఒకటి, గడ్డం మీద చొంగ మెరుపు, కింది పెదవి నుంచి వేలాడుతున్న సన్నని చొంగ తీగ, పట్టుపంచె అంచు మీద తడి మరక, నోటికి రెండు పక్కలా ఎర్రదద్దు ఉన్నాయి. బుగ్గ మీద దిష్టిచుక్క, దాని పక్కనే ఒక పరమాన్నం మెతుకు కూడా ఉన్నాయి. ఫొటో పంపుతూ మా చెల్లెలు, “అన్నయ్యా, చీమిడి తీసెయ్, చొంగ కాస్త తగ్గించు, మెతుకు మాత్రం ముట్టుకోకు” అంది. పని మొదలుపెట్టే ముందు ఏది పోవాలో, ఏది ఉండాలో పిల్లవాడి తల్లినో తండ్రినో ఇలా అడగడం మంచిది. మనకు మచ్చలా అనిపించింది వాళ్లకు పుట్టుమచ్చ కావచ్చు.

ముందుగా చూడవలసినది, సిద్ధం చేసుకోవలసినది

అసలు ఫొటోను అలాగే పక్కన ఉంచి, దాని నకలును మాత్రమే తెరవండి. దద్దు తగ్గకపోతే డాక్టరుకు చూపించడానికి కూడా దిద్దని ఫొటోయే పనికొస్తుంది. తెరిచాక కీబోర్డులో 1 నొక్కితే ఫొటో అసలు పరిమాణంలో, అంటే నూరు శాతంలో కనిపిస్తుంది. ఆ పరిమాణంలో నోరు, ముక్కు, గడ్డం ఒకసారి నెమ్మదిగా చూడండి. ఎక్కడ తెల్లని మెరుపు ఉంది, ఎక్కడ కేవలం రంగు మారింది, ఎక్కడ చర్మమే కప్పబడిపోయింది అని విడదీసి చూసుకుంటే సగం పని తేలికవుతుంది.

ఆ తర్వాత `Layer > Duplicate Layer` తో ఒక నకలు పొర చేసి, దానికి “ముక్కు” అని పేరు పెట్టండి. ముక్కు పని పూర్తయ్యాక ఆ పొరకే మరో నకలు చేసి “చొంగ” అని, దాని మీద చివరికి “రంగు” అనే పొర చేస్తాం. ఇలా వరుసగా పేర్చడం వల్ల, చొంగ పొర Opacity ను, అంటే ఆ పొర ఎంత చిక్కగా కనిపించాలనే అమరికను, తగ్గించి కొంత తడిని తిరిగి రప్పించినా, దాని కింద ఉన్నది ముక్కు అప్పటికే శుభ్రం చేసిన పొర కాబట్టి చీమిడి తిరిగి కనిపించదు.

చీమిడి: రెండు పనిముట్లు, రెండు పనులు

ముక్కు దగ్గర వాడే పనిముట్లు Clone, Heal అనే రెండు. రెండింటిలోనూ కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని మంచి చర్మం మీద క్లిక్ చేస్తే అది మూలం అవుతుంది; ఆ తర్వాత లోపం మీద బ్రష్‌తో రుద్దాలి. క్లోన్ ఆ మూలాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతికిస్తుంది. హీల్ మాత్రం మూలం నుంచి చర్మపు గరుకుదనాన్ని తీసుకుని, రంగును, వెలుగును మీరు రుద్దుతున్న చోటి పరిసరాలకు తగ్గట్టు మార్చుకుంటుంది. ఈ సర్దుబాటు వల్లే బుగ్గ మధ్యలో హీల్ చక్కగా అతుకుతుంది, ముక్కు రంధ్రం అంచున మాత్రం పాడు చేస్తుంది. రంధ్రంలోని నలుపు పక్కనే ఉండడంతో హీల్ ఆ నలుపును కూడా పరిసరాల రంగుగా లెక్కించి, చర్మం మీదికి బూడిద రంగు మసకను లాక్కొస్తుంది. పెదవి అంచున ఎరుపు, దిష్టిచుక్క పక్కన నలుపు కూడా ఇలాగే పాకుతాయి. కాబట్టి రంగు ఒక్కసారిగా మారే అంచుల దగ్గర క్లోన్, విశాలమైన చర్మం మీద హీల్ అన్నది గుర్తుంచుకోండి.

మా ఫొటోలో చీమిడి చార సుమారు 25 పిక్సెళ్ల వెడల్పు, 90 పిక్సెళ్ల పొడవు ఉంది. మొదట రంధ్రం అంచు చూశాను. ఆ అంచున చీమిడి కాస్త ఎండి తెల్లటి పొరలా అంటుకుంది. క్లోన్ బ్రష్‌ను 15 పిక్సెళ్లకు తగ్గించి, Hardness ను 50 దగ్గర ఉంచి, అదే రంధ్రం అంచున శుభ్రంగా ఉన్న భాగాన్ని మూలంగా తీసుకున్నాను. అంచు వంపు వెంబడి చిన్న చిన్న స్పర్శలతో కదలాలి. ఒకే గీతలా లాగితే రంధ్రం ఆకారం మారిపోతుంది. రెండో రంధ్రం శుభ్రంగా ఉంది కదా అని దాన్నే తిరగేసి అతికించాలని అనిపిస్తుంది. వెలుతురు ముఖానికి ఎదురుగా పడినప్పుడు అది పనిచేస్తుంది. మా ఫొటోలో లాగా పక్కనుంచి పడితే నీడ తప్పు వైపుకు తిరుగుతుంది, ముక్కు ఎందుకు వింతగా ఉందో చూసేవారికి తెలియకపోయినా తేడా ఉన్నట్టు తెలుస్తుంది.

అంచు అయ్యాక పై పెదవి మీది చార. ముక్కుకూ పెదవికీ మధ్య ఒక గాడి, దానికి రెండు వైపులా రెండు సన్నని గట్లు ఉంటాయి. మా ఫొటోలో చీమిడి కుడి గట్టు మీదుగా జారింది. వెలుతురు ఎడమ నుంచి వస్తుండడం వల్ల ఆ గట్టుకు ఎడమ వాలు వెలుగులో, కుడి వాలు నీడలో ఉన్నాయి. అందుకని చారను నిలువుగా రెండు సగాలుగా అనుకుని, ఎడమ సగానికి ఎడమ పక్కనున్న చర్మాన్ని, కుడి సగానికి కుడి పక్కనున్న చర్మాన్ని మూలంగా తీసుకున్నాను. రెండింటికీ ఒకే వైపు నుంచి తెస్తే గట్టు మాయమై, పై పెదవి పలకలా చదునుగా తయారవుతుంది. మొదట క్లోన్‌తో చార మొత్తం కప్పి, ఆ తర్వాత మాత్రమే 20 పిక్సెళ్ల హీల్ బ్రష్‌తో అతుకుల మీద తేలికగా తాకించాను. పెదవి గీతకు పది పిక్సెళ్ల దూరంలోనే హీల్ ఆపేయాలి.

చీమిడి రెండు రంధ్రాలనూ పూర్తిగా కప్పేసిన ఫొటోలలో ఈ పద్ధతి నిలవదు, ఎందుకంటే తెచ్చుకోవడానికి శుభ్రమైన అంచే ఉండదు. ఊహించి గీసిన ముక్కు ఆ పిల్లవాడి ముక్కు కాదు. అలాంటప్పుడు అదే నిమిషంలో తీసిన వేరే ఫొటోలు వెతకండి. తల అదే వంపులో ఉన్నది దొరికితే `File > Open as Layers` తో దాన్ని పై పొరగా తెచ్చి, ముక్కు భాగం మాత్రమే ఉంచుకోవచ్చు. అది కూడా దొరకకపోతే చీమిడి మెరుపును తగ్గించడంతో సరిపెట్టుకోవడమే సరైనదని నా అభిప్రాయం.

చొంగ: తీయవలసింది మెరుపును, తడి మొత్తాన్ని కాదు

వేలాడే చొంగ తీగ ఉంటే దాన్ని “ముక్కు” పొర మీదనే తీసేశాక, ఆ పొరకు నకలు చేసి “చొంగ” పొర మీదికి రండి. చొంగ రంగు లేని ద్రవం, కాబట్టి ఫొటోలో దాన్ని మనకు చూపించేవి దాని మీద పడిన కిటికీ వెలుగు చుక్కలు, దాని అంచున ఏర్పడే సన్నని నీడ గీత. మెరుపు చుక్క తెల్లగా పేలిపోయిన చోట చర్మం వివరం ఫొటోలో అసలు నమోదు కాలేదు. ఆ తెలుపును ఊరికే ముదురు చేస్తే చర్మం రాదు, సున్నం పూసినట్టు బూడిద రంగు మచ్చ వస్తుంది. అక్కడికి వేరే చోటి చర్మాన్ని తేవలసిందే.

దీనికి నేను ఎక్కువగా నమ్ముకునేది క్లోన్ పనిముట్టులోని ఒక అమరిక. క్లోన్ ఎంపికలలో Mode దగ్గర Darken only ఎంచుకుని, Opacity ను 40కి తగ్గించండి. ఈ అమరికలో మూలం కంటే వెలుగ్గా ఉన్న పిక్సెళ్లు మాత్రమే మారతాయి. అంతకంటే ముదురుగా ఉన్న చర్మపు రంధ్రాలు, గీతలు, నీడలు అలాగే మిగులుతాయి. అంటే బ్రష్ తనంతట తాను మెరుపునే వెతుక్కుని తగ్గిస్తుంది. మూలంగా అదే వెలుగులో ఉన్న, మెరుపు లేని చర్మాన్ని తీసుకోవాలి. గడ్డం ఎడమ భాగానికి ఎడమ బుగ్గ కింది భాగం, గడ్డం కింది నీడకు మెడ పైభాగం సరిపోయాయి. 40 పిక్సెళ్ల మెత్తని బ్రష్‌తో ఒక్కో మెరుపు మీద రెండు మూడు సార్లు వెళితే చాలు. అంచున ఉన్న నీడ గీతకు దీనికి వ్యతిరేకమైన Lighten only వాడితే అది కూడా అలాగే కరిగిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. మెరుపు అంతా తీసేస్తే గడ్డం గుండ్రదనం కూడా పోతుంది, ఎందుకంటే ఆ గుండ్రదనాన్ని కంటికి చెప్పేది కొంతవరకు ఆ మెరుపే. గడ్డం అంతా అయ్యాక “చొంగ” పొర Opacity ను 100 నుంచి మెల్లగా తగ్గిస్తూ చూడండి. మా ఫొటోలో 80 దగ్గర ఆపాను. అప్పుడు చొంగ కారుతున్నట్టు కాక, ఇప్పుడే మెత్తని గుడ్డతో అద్దినట్టు కనిపించింది. కింది పెదవి మీది చిన్న మెరుపును మాత్రం ముట్టుకోకండి. పసిపిల్లల పెదవి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అది ఆరిపోతే పిల్లవాడు నీరసించినట్టు కనిపిస్తాడు.

వేలాడే చొంగ తీగను ఈ లెక్కలో కలపకండి, దాన్ని పూర్తిగా తీయాలి. Opacity తగ్గించినప్పుడు అది సగం తిరిగి కనిపిస్తుంది కాబట్టి దాన్ని “ముక్కు” పొర మీదనే, తర్వాత నకలు చేయబోయే ముందే, తీసేయడం మేలు. తీగ వెనుక ఏముందో చూసి ముక్కలుగా పని చేయండి: చర్మం ముందున్న ముక్కకు చర్మం, బట్ట ముందున్న ముక్కకు బట్ట.

పట్టుపంచె మీది మరక వేరే రకం. తడిసిన బట్ట ముదురవుతుంది, రంగు చిక్కబడుతుంది, కానీ నేత వివరం అలాగే ఉంటుంది. కాబట్టి క్లోన్ అవసరం లేదు. Free Select తో మరక చుట్టూ గీసి, Feather edges ను 15 దగ్గర పెట్టి, `Colors > Curves` లో గీత మధ్య భాగాన్ని కాస్త పైకి లేపితే సరిపోతుంది. జరీ అంచు మీద క్లోన్ చేస్తే జరీ గీతలు ఒకదానితో ఒకటి కలవక వెంటనే పట్టిస్తాయి. మరక ఫొటో అడుగున ఉంటే ఆ భాగాన్ని కత్తిరించేయడం అన్నిటికంటే తేలిక, నేను చేసింది అదే.

దద్దు: మార్చవలసింది రంగును

ఇప్పుడు నోటి పక్కల ఎరుపు. దీని మీద హీల్ వాడితే ఎందుకు కుదరదో ముందే చెప్పిన దాన్నిబట్టి ఊహించవచ్చు: హీల్ రంగును పరిసరాల నుంచి తీసుకుంటుంది, దద్దు పరిసరాలు కూడా ఎర్రగానే ఉంటాయి. ఎంత రుద్దినా ఎరుపు పోదు, చర్మం మాత్రం మసకబారుతుంది. నిజానికి కందిన చర్మంలో గరుకుదనం చాలావరకు బాగానే ఉంటుంది, రంగు మాత్రమే తప్పు. కాబట్టి చర్మాన్ని అలాగే ఉంచి రంగును జరపాలి.

`Layer > New from Visible` తో ఇప్పటిదాకా చేసినదంతా కలిసిన కొత్త పొర తయారు చేసి “రంగు” అని పేరు పెట్టండి. తర్వాత Color Picker తీసుకుని, Sample average ను ఎంచుకుని, వ్యాసార్ధం 10 దగ్గర పెట్టి, దద్దు మీద ఒకసారి, అదే వెలుగులో ఉన్న మంచి బుగ్గ మీద ఒకసారి Shift నొక్కి క్లిక్ చేసి, తెరుచుకునే పట్టికలో HSV ఎంచుకుని, రెండు చోట్లా H, అంటే వర్ణం విలువ రాసుకోండి. మా ఫొటోలో దద్దు మీద 8, బుగ్గ మీద 18 వచ్చాయి. నుదుటిని మాత్రం కొలతగా తీసుకోవద్దు. అది సాధారణంగా బుగ్గల కంటే తక్కువ ఎర్రగా ఉంటుంది, దాన్ని బట్టి దిద్దితే నోటి చుట్టూ పాలిపోయిన వలయం ఏర్పడుతుంది.

`Colors > Hue-Saturation` తెరిచి, రంగులలో R ను ఎంచుకోండి. Hue ను ఆ రెండు అంకెల తేడా దాకా, అంటే ఇక్కడ +10 వరకు, జరపండి. Saturation ను −15 దగ్గరికి, Lightness ను +5 దగ్గరికి తెచ్చి, Overlap ను సగానికి పెంచితే రంగులు కలిసే చోట గీతలు పడవు. ఈ దశలో ముఖమంతా, పెదవులతో సహా పసుపు పచ్చగా మారిపోతుంది. కంగారు పడకండి. పొర మీద రైట్ క్లిక్ చేసి Add Layer Mask లో Black ఎంచుకుంటే ఆ మార్పంతా దాగిపోతుంది. ఇప్పుడు D, ఆ తర్వాత X నొక్కితే వచ్చే తెల్ల రంగుతో, 120 పిక్సెళ్ల మెత్తని బ్రష్‌తో, Opacity 25 దగ్గర పెట్టి దద్దు మీద మాత్రమే పూయండి. పూసిన చోట మార్పు కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఎక్కువైతే X నొక్కి నల్ల రంగుకు మారి అక్కడ పూస్తే వెనక్కి వెళుతుంది. పెదవుల మీదికి పాకిన చోట చిన్న బ్రష్‌తో ఇలాగే శుభ్రం చేసుకోవాలి.

బుగ్గల సహజమైన ఎరుపును దద్దుగా భ్రమపడకుండా చూసుకోండి. బుగ్గ ఎరుపు మధ్యలో ఎక్కువై అంచులకు కరిగిపోతుంది, రెండు బుగ్గలకూ దాదాపు ఒకేలా ఉంటుంది. చొంగ వల్ల వచ్చే దద్దు నోటి మూలలు, గడ్డం, మెడ మడతల వంటి తడి నిలిచే చోట్ల ఉండి, అంచు తెగినట్టు, మధ్యలో చిన్న పొక్కులతో ఉంటుంది. రంగు సరిపోయాక ఆ పొక్కులలో చాలావాటిని కన్ను గుర్తించదు. మా ఫొటోలో మూడు మాత్రం తమ చిన్న నీడలతో ఇంకా కనిపించాయి. ఒక్కొక్కటి 12 పిక్సెళ్లకు మించి లేదు. Layers జాబితాలో మాస్క్ మీద కాక పొర బొమ్మ మీద క్లిక్ చేసి, 20 పిక్సెళ్ల హీల్ బ్రష్‌తో ఒక్కో దాన్ని ఒక్కసారి తాకితే పోయాయి. ఒంటరి పొక్కు చుట్టూ రంగు ఇప్పుడు సరిగ్గా ఉంది కాబట్టి హీల్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. దద్దు రంగు ఆఖరున చేయమనడానికి ఒక కారణం ఉంది: తుడిచి తుడిచి ముక్కు కింద కూడా చర్మం కందిపోయి ఉంటుంది, చీమిడి తీసేదాకా అది బయటపడదు.

తప్పు పట్టుకోవడం, అచ్చుకు ఇవ్వడం

గంటసేపు ఒకే ముఖాన్ని చూశాక కన్ను దేనికైనా అలవాటు పడుతుంది. `View > Flip & Rotate` లో అడ్డంగా తిప్పి చూస్తే ముఖం కొత్తగా కనిపించి, చదునైన పై పెదవి, రెండుసార్లు కనిపించే ఒకే మచ్చ, గడ్డం మీద బూడిద రంగు ముద్ద వెంటనే దొరుకుతాయి. ఇది తెర మీద చూపు మాత్రమే, ఫొటో తిరగదు. తర్వాత ఫొటోను తెర మీద అరచేయంత చిన్నదిగా చేసి చూడండి. నోటి చుట్టూ లేత పసుపు వలయం ఉంటే అది పెద్ద పరిమాణంలో కంటే ఇందులోనే బాగా తెలుస్తుంది. ఉంటే “రంగు” పొర Opacity తగ్గించాలి. మా ఫొటోలో 70 దగ్గరికి తగ్గించాక బుగ్గకూ గడ్డానికీ మధ్య గీత కనబడకుండా పోయింది.

పొరలన్నీ మిగిలేలా ముందు GIMP సొంత ఫార్మాట్ అయిన XCF గా సేవ్ చేసుకుని, ఆ తర్వాత `File > Export As` తో JPEG గా, Quality ను 95 దగ్గర పెట్టి తీసుకోండి. 4000 × 3000 ఫొటోను 12 × 8 అంగుళాల అచ్చుకు కత్తిరిస్తే అంగుళానికి 330 పిక్సెళ్లకు పైగానే దక్కుతాయి, అది ఆల్బమ్‌కు ధారాళంగా సరిపోతుంది. అయితే ఫోన్ తెర మీద కంటే కాగితం మీద నీడలు చిక్కగా వస్తాయి, ముక్కు కింద సర్దిన చోటు ముదురు మచ్చలా తేలవచ్చు. అందుకే పెద్దది వేయించే ముందు అదే స్టూడియోలో 4 × 6 కాపీ ఒకటి వేయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. మా వాడి ఫొటోలో రంధ్రం అంచున అలాంటి నీడ కొంచెం తేలింది. “ముక్కు” పొరకు తిరిగి వెళ్లి, ఆ ఒక్క చోట 15 శాతం Opacity తో Lighten only పెట్టి రెండుసార్లు తాకించి, పైనున్న “చొంగ”, “రంగు” పొరల మీద కూడా అదే చోట అదే చేసి, రెండో కాపీ చూశాకే 12 × 8 కు ఇచ్చాను. మెతుకు బుగ్గ మీద అలాగే ఉంది.